చైనీయుల ‘పట్టుకుని’

‘అంత పెద్దాయన్ని పట్టుకుని ఆ మాట అంటావా?’ అని మన ఇళ్లలో చీవాట్లు పెడతారు. అక్కడ ఎవరూ ఎవరినీ చేత్తో పట్టుకోరు. ‘పట్టుకుని’ అనే క్రియ అసలు అర్థం చాలావరకు వదిలేసుకుని, మాట ఎవరి మీద పడిందో చూపించడానికి మాత్రం మిగిలింది. చైనాలో మాండరిన్ మాట్లాడేవాళ్లు రోజంతా వాడే ‘బా’ కూడా ఇలా పుట్టిందే. దాన్ని రోమన్ లిపిలో b తో రాసినా చెవికి మన ‘ప’లాగే వినిపిస్తుంది.

మాండరిన్‌లో మామూలు వాక్యం కర్త, క్రియ, కర్మ అనే వరసలో నడుస్తుంది. ‘వో హ ఛా’ అంటే నేను టీ తాగుతాను. వో అంటే నేను, హ అంటే తాగడం, ఛా అంటే టీ. దీన్నే ‘వో బా ఛా హ ల’ అంటే టీ క్రియకు ముందుకొచ్చేస్తుంది. అప్పుడు అర్థం ‘ఆ టీ తాగేశాను’. ఏ టీయో ఇద్దరికీ తెలుసు, ఇప్పుడు కప్పులో అది లేదు. చివరి ‘ల’ పని అయిపోయిందని చెబుతుంది. అది తీసేసి ‘వో బా ఛా హ’ అని ఆపితే, తర్వాత మాట కోసం చైనీయులు మీ ముఖం కేసి చూస్తారు. బా వచ్చిందంటే ఆ వస్తువు ఏమైందో చెప్పి తీరాలి. ఒట్టి క్రియతో వాక్యం నిలవదు.

ఇది బాగా తెలిసేది వంటింట్లో. చైనాలో ఇంటింటా చేసుకునే టమాటా–గుడ్డు వేపుడునే చూద్దాం. టమాటాలు ముక్కలుగా కోయమనడానికి ‘బా షీహోంగ్‌షి ఛియె ఛెంగ్ క్వాయ్’ అంటారు. షీహోంగ్‌షి టమాటా, ఛియె కోయడం, ఛెంగ్ క్వాయ్ ముక్కలుగా మారడం. మామూలు వరసలో చెప్పాలంటే టమాటా ‘కోయి’ తర్వాత రావాలి. కానీ అక్కడ ‘ముక్కలుగా’ అన్నది అప్పటికే క్రియను అంటిపెట్టుకుని కూర్చుంది. ఆ రెంటి మధ్యకు టమాటాని తోస్తే వాక్యం తప్పు. అందుకని బా దాన్ని ముందే చేతికందిస్తుంది. గిలక్కొట్టిన గుడ్డును మూకుట్లో పోయమన్నా ఇదే తంతు: ‘పోయి’ వెనకాల ‘మూకుట్లోకి’ ఉండాలి కాబట్టి గుడ్డు ముందుకు జరుగుతుంది. వంటలో ప్రతి మెట్టులోనూ ఏదో ఒకటి మారుతుంది, లేదా చోటు కదులుతుంది. కాబట్టి అడుగడుగునా బాయే. అచ్చు పుస్తకాల్లో మాత్రం దాని బదులు ‘జియాంగ్’ అనే పాత మాట ఎక్కువగా కనిపిస్తుంది.

బా కూడా ఒకప్పుడు అచ్చంగా ‘పట్టుకోవడమే’. పిడి ఉన్న కత్తినో గొడుగునో లెక్కపెట్టేటప్పుడు ఇప్పటికీ ‘ఒక బా కత్తి’ అన్నట్టు చెబుతారు. తాంగ్ వంశ కాలంలో (618–907) ‘ఫలానాది పట్టుకుని ఫలానా పని చేశాడు’ అనే జంట క్రియల వాక్యాల్లోంచి అది మెల్లగా కర్మను చూపే మాటగా అరిగింది. ఆనాటి కవి దు ఫు పద్యం ఒకదానిలో ఒక మొక్కను పట్టుకుని చూశాడా, ఊరికే చూశాడా అన్నది తేలనట్టు బా వస్తుంది. మారుతున్న మాటను సగం దారిలో చూడాలంటే అది మంచి చోటు. 1940ల్లో వాంగ్ లీ అనే వ్యాకర్త ఈ వాక్యానికి ‘చూజి షి’ అని పేరు పెట్టాడు. వస్తువును ఏదో ఒకటి చేసేసే తీరు అని దాని భావం.

తెలుగువాళ్లకు చిక్కంతా ఇక్కడే. కర్మ ముందు, క్రియ తర్వాత అనగానే మన వరస లాగే ఉందే అనిపిస్తుంది. బా అంటే మన ‘ని’ ప్రత్యయమే అనుకుంటాం. కొంత పోలిక నిజమే: ‘పుస్తకం చదివాను’ అన్నదానికి, ‘పుస్తకాన్ని చదివాను’ అన్నదానికి తేడా ఉన్నట్టే, బా పక్కన కూడా సాధారణంగా తెలిసిన వస్తువే వస్తుంది. కానీ మన ‘ని’ ఏ క్రియతోనైనా కలుస్తుంది. ‘అతన్ని ఇష్టపడుతున్నాను’ అనడానికి మనకు అడ్డేమీ లేదు. మాండరిన్‌లో ఇష్టపడడానికి బా పెడితే తప్పు, ఎందుకంటే మీరు ఇష్టపడినంత మాత్రాన అతనికి ఏమీ కాలేదు. ‘తెలుసు’ అన్నదీ అంతే. నిజానికి బాకు దగ్గరగా ఉన్నది మన ‘ని’ కాదు, ‘తాగేశాను, మూసేశాను’లలోని ఆ ‘ఏసి’.

ఇంకో పొరపాటు వ్యతిరేకం చెప్పేటప్పుడు. మనకు ‘లేదు’ క్రియకు అతుక్కుని చివర వస్తుంది కాబట్టి, తలుపు మూయలేదని చెప్పేటప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘వో బా మెన్ మేయ్ గ్వాన్ షాంగ్’ అంటారు. మెన్ తలుపు, మేయ్ లేదు, గ్వాన్ షాంగ్ మూసెయ్యడం. సరైనది ‘వో మేయ్ బా మెన్ గ్వాన్ షాంగ్’. లేదన్న మాట బా కంటే ముందుండాలి. తలుపును పట్టుకున్నాక మూయలేదనడం కాదు, అసలు పట్టుకోనే లేదన్నమాట.