తేదీ లేని రాజీనామా

ఉద్యోగంలో చేరే రోజు కొత్తవాళ్ల ముందు ఒక కాగితాల కట్ట పెడతారు. పీఎఫ్ డిక్లరేషన్, బ్యాంకు వివరాలు, కంపెనీ నిబంధనలు చదివానన్న ఒప్పుకోలు. ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసుకుంటూ పోవడమే. కొన్ని చోట్ల ఆ కట్ట అడుగున ఇంకో కాగితం ఉంటుంది. ‘వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను, దయచేసి ఆమోదించగలరు’ అని టైపు చేసి ఉంటుంది. తేదీ దగ్గర మాత్రం గీత గీసి వదిలేస్తారు.

ఇలాంటి కాగితం ఎదురైన ఓ అమ్మాయి కథ చెబుతాను. సౌమ్య అనుకుందాం. మనిషీ పేరూ కల్పితమే, పరిస్థితి మాత్రం చాలామంది ఎరిగినదే. తెనాలిలో బీకాం పూర్తి చేసింది. విజయవాడలో ఓ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా తొలి ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 18,000.

ఆ కాగితం చూసి సౌమ్య ఆగింది. “మేడమ్, ఇది రాజీనామా కదా? నేను ఇవాళే కదండీ చేరుతున్నాను!”

“అందరూ పెట్టేదేనమ్మా. ఫైల్లో ఉంటుంది, అంతే. రేపు నువ్వు చెప్పాపెట్టకుండా మానేస్తే మాకు ఇబ్బంది కదా” అంది హెచ్ఆర్ మేడమ్.

సౌమ్య తెలివిగా ఒక పని చేసింది. మిగతా కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టి, ఈ ఒక్కటీ ఇంట్లో చూపించి రేపు తెస్తానంది. రాత్రి బాబాయికి ఫోన్ చేసింది. ఆయన లేబర్ కేసులు చూసే ఓ లాయరు దగ్గర ఇరవై ఏళ్లుగా గుమస్తా.

“చెప్పకుండా మానేస్తే ఇబ్బంది అంటున్నారా? దానికి నోటీసు పీరియడ్ షరతు ఉంది కదమ్మా. నీ ఆఫర్ లెటర్లో చూడు” అన్నాడు బాబాయి. చూసింది. నెల రోజుల నోటీసు ఇవ్వాలని, ఇవ్వకపోతే నెల జీతం కట్టాలని రాసి ఉంది. “మరి ఈ కాగితం దేనికి బాబాయ్?”

“వాళ్లు నిన్ను తీసేసిన రోజున, నువ్వే వెళ్లిపోయావని చూపించుకోడానికి.”

ఈ వ్యవహారం గుట్టంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన కార్మిక చట్టాల్లో రక్షణలు చాలావరకు ‘తీసేయడం’ అనే పని చుట్టూ అల్లుకున్నవి. యజమాని తీసేస్తే నోటీసు ఇవ్వాలి. తప్పు చేశాడని తీసేస్తే విచారణ జరపాలి. పని తగ్గిందని తీసేస్తే పరిహారం కట్టాలి. ప్రసూతి సెలవులో ఉన్న మహిళనైతే అసలు తీసేయకూడదు. ఉద్యోగి తన ఇష్టంతో మానేస్తే ఇవేవీ వర్తించవు. కాబట్టి తీసివేతను రాజీనామాగా మార్చగలిగితే ఆ బాధ్యతలన్నీ ఒక్క దెబ్బతో తప్పిపోతాయి. ఖాళీగా ఉంచిన ఆ తేదీ చేసే పని అదే.

సౌమ్య లెక్కే చూద్దాం. మూడేళ్లు పనిచేశాక, పని తగ్గిందని కంపెనీ ఆమెను తీసేసిందనుకుందాం. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ సూత్రం ఒకటే: ఏడాది పైబడి పనిచేసిన కార్మికుడికి నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి, పైగా పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. సౌమ్య చేసేది గుమస్తా తరహా పని కాబట్టి ఆమె ఈ నిర్వచనంలోకి వస్తుంది. నోటీసు కింద 18,000, మూడేళ్లకు పరిహారం సుమారు 27,000, అంతా కలిపి ఇంచుమించు 45,000. తేదీ వేసిన రాజీనామా ఫైల్లో ఉంటే కంపెనీ కట్టేది సున్నా. అలాంటి ఉద్యోగులు నలభై మంది ఉంటే ఆ బీరువాలోని ఫైళ్ల విలువ ఎంతో మీరే లెక్కేసుకోండి.

అయితే ఆ కాగితం చట్టం ముందు నిలుస్తుందా? ఇక్కడ చాలామంది ఖాళీ చెక్కుతో పోల్చి భయపడతారు. సంతకం పెట్టి ఇచ్చేశాం, ఇక వాళ్లిష్టం అనుకుంటారు. కానీ చెక్కుకూ దీనికీ చట్టంలో తేడా ఉంది. చెక్కులు, ప్రామిసరీ నోట్ల వంటి వాటికి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఉంది. సంతకం పెట్టి అసంపూర్తిగా ఇచ్చిన పత్రాన్ని పూర్తిచేసే అధికారం పుచ్చుకున్నవాడికి ఉంటుందని అందులో 20వ సెక్షన్ చెబుతుంది. రాజీనామా లేఖ ఆ కోవలోకి రాదు. దాన్ని నింపుకొనే అధికారాన్ని ఏ చట్టమూ యజమానికి కట్టబెట్టలేదు.

పైగా రాజీనామా అంటే ఉద్యోగి తనంతట తాను ఉద్యోగాన్ని వదులుకోవడం. వదులుకోవాలన్న ఉద్దేశం లేనిదే అది రాజీనామా కాదు. చేరిన రోజున సౌమ్య ఉద్దేశం పనిచేయాలనే కదా! ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించేది ఆమె కాకుండా కంపెనీ అయినప్పుడు ఆ కాగితం మీద ఉన్నది ఆమె సంతకమే గానీ ఆమె నిర్ణయం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఒప్పుకోలు స్వేచ్ఛగా ఉండాలంటుంది. ఎదుటివాడి ఇష్టాన్ని శాసించే స్థితిలో ఉన్నవాడు దాన్ని వాడుకుని పొందిన ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. బలాబలాల్లో అంత తేడా ఉన్నప్పుడు, ఉద్యోగం కావాలంటే ఒప్పుకోక తప్పని అన్యాయమైన షరతులను కోర్టులు అమలు చేయవని చెప్పింది. అది ప్రభుత్వ కార్పొరేషన్ మీద వచ్చిన కేసు కాబట్టి ప్రైవేటు కంపెనీకి ఉన్నదున్నట్టు వర్తిస్తుందని చెప్పలేం. వాదనకు మాత్రం గట్టి ఊతమే.

బాబాయి చెప్పిన మరో సంగతి నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. దొంగ పత్రం అంటే ఏమిటో వివరిస్తూ 1860 నాటి శిక్షాస్మృతి ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒకాయన తన ఏజెంటుకు సంతకం పెట్టిన చెక్కు ఇచ్చి, కొన్ని చెల్లింపుల కోసం పదివేలకు మించకుండా రాసుకోమంటాడు. ఏజెంటు మోసపూరితంగా ఇరవై వేలు రాస్తాడు. సంతకం అసలైనదే, చేతికిచ్చింది యజమానే. అయినా అది ఫోర్జరీ. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఈ ఉదాహరణ ఉంది. ‘ఊరికే ఫైల్లో ఉంటుంది’ అని తీసుకున్న లేఖ మీద దురుద్దేశంతో తేదీ వేసి వాడటం దీనికి ఎంత దగ్గరగా ఉందో చెప్పనక్కర్లేదు.

చట్టం ఇంత బాగుంటే భయమెందుకు మరి? చిక్కంతా రుజువు దగ్గర. సంతకం నాదేనని ఒప్పుకున్నాక, అది ఎప్పుడు, ఎలా పెట్టించారో చూపాల్సిన బరువు ఉద్యోగి మీదే పడుతుంది. నిపుణులు తేదీ సిరా, సంతకం సిరా వేర్వేరని చెప్పగలరు, సిరా వయసు కచ్చితంగా తేల్చడం మాత్రం కష్టం. అందుకే ఇలాంటి కేసుల్లో చుట్టూ ఉన్న సాక్ష్యమే ఎక్కువ పనికొస్తుంది. లేఖ మీది తేదీ తర్వాత కూడా హాజరు పడిందా? పని అప్పగింతలు లేకుండానే రాజీనామా అదే రోజు ఆమోదం పొందిందా? లేఖలో ఉన్నది ఉద్యోగి ఎప్పుడో ఖాళీ చేసిన పాత ఇంటి చిరునామానా? అన్నిటికన్నా బలమైనది ఇంకోటి ఉంది. వేర్వేరు సమయాల్లో మానేసిన నలుగురైదుగురి లేఖలు తెప్పిస్తే, అన్నిట్లో అవే మాటలు, అదే అక్షర దోషం కనబడతాయి.

ఇది మన దేశపు జాడ్యమే కాదు. ఇటలీలో దీనికి ‘ఖాళీ రాజీనామా’ అనే పేరే ఉంది. అక్కడ ఎక్కువగా దెబ్బతిన్నది గర్భవతులైన మహిళలు. 2007లో నంబర్లు వేసిన ప్రభుత్వ ఫారం మీదే రాజీనామా ఇవ్వాలని చట్టం చేశారు, మరుసటి ఏడాదే దాన్ని ఎత్తేశారు. చివరికి 2016 మార్చి నుంచి, కొన్ని మినహాయింపులతో, ఆన్‌లైన్‌లో ప్రభుత్వ పద్ధతిలో ఇచ్చిన రాజీనామానే చెల్లుతుందన్నారు. తేదీ కంప్యూటరే వేస్తుంది కాబట్టి బీరువాలో దాచిన కాగితానికి విలువ పోయింది. మనకు అలాంటి ఏర్పాటు లేదు.

మర్నాడు సౌమ్య గొడవ పడలేదు. బాబాయి నేర్పినట్టే మాట్లాడింది. “మేడమ్, నోటీసు షరతుకు నేను కట్టుబడి ఉంటాను. మానేయాల్సి వస్తే ఆ రోజు తేదీతో నేనే రాసిస్తానండీ. ఇది మాత్రం పెట్టలేను.” మేడమ్ మొహం చిట్లించి లోపలికి వెళ్లి అడిగి వచ్చింది. ఆ కాగితం కట్టలోంచి తీసేశారు. కథ కాబట్టి ఇలా జరిగిందనుకోకండి; చట్టం తెలిసిన మాట మర్యాదగా వినబడితే చాలా కంపెనీలు తగ్గుతాయని బాబాయి లాంటివాళ్ల అనుభవం. కొన్ని తగ్గవు. సంతకం పెడితేనే ఉద్యోగం అంటాయి.

ఇల్లు గడవాలి, పెట్టక తప్పలేదు అనుకుందాం. అప్పుడు చేయాల్సింది ఆ రోజే చేయాలి. కాగితాన్ని ఫొటో తీసుకోవాలి. వీలుకాకపోతే ఆ సాయంత్రమే కంపెనీకి ఈమెయిల్ పంపాలి: ‘ఈ రోజు చేరేటప్పుడు తేదీ లేని రాజీనామా లేఖ మీద నా సంతకం తీసుకున్నారు. రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ లేఖను ఉపసంహరించుకుంటున్నాను.’ మెయిలు పంపితే ఉద్యోగం పోతుందనిపిస్తే, అదే విషయం ఇంట్లోవాళ్లకైనా ఆ రోజే మెయిల్ చేసి ఉంచాలి. అది కంపెనీకి ఇచ్చిన ఉపసంహరణ కాదు. ఎప్పుడు పెట్టించారన్న దానికి మాత్రం అప్పటికప్పుడు రాసిన సాక్ష్యమవుతుంది.

ఆ లేఖను నిజంగానే వాడేస్తే, ఊరుకున్న ప్రతి వారమూ ఉద్యోగికి నష్టమే. ఇష్టపడే వెళ్లాడు కాబట్టే మాట్లాడలేదన్న వాదన వస్తుంది. ‘నేను రాజీనామా చేయలేదు, పనికి సిద్ధంగా ఉన్నాను’ అని వెంటనే మెయిలూ, స్పీడ్ పోస్టూ పంపాలి. తుది సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం అడిగితే తొందరపడకూడదు. పీఎఫ్ ఖాతాలోకి వెళ్లి, ఉద్యోగం వదిలిన తేదీ, కారణం ఏమని నమోదు చేశారో చూసి స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఆ తర్వాత జిల్లాలోని లేబర్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ప్రైవేటు బడుల్లో టీచర్ల దారి మాత్రం వేరు. టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి వాళ్లు లేబర్ ఆఫీసు మెట్లెక్కే ముందు, విద్యా చట్టం కింద తమకేం రక్షణ ఉందో ఓ లాయరును అడగడం మేలు.