నీళ్లు దాచిపెట్టే యూరియా

మే నెలలో రాత్రి దాహంతోనే నిద్రపోతే, తెల్లారి మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంది. ఆ పొదుపులో సగం పని యూరియాదే. దాన్ని వట్టి వ్యర్థం అనుకోవడం మన పొరపాటు.

పప్పు, గుడ్డు, మాంసంలోని మాంసకృత్తులు అరిగాక మిగిలిన నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. కిడ్నీ దాన్ని వడగడుతుంది గానీ, అంతా ఒకేసారి బయటికి పంపదు.

రక్తం చిక్కదనం లీటరుకు సుమారు 290 మిల్లీఆస్మోల్‌లు. నీళ్లు తాగనప్పుడు కిడ్నీ లోపలి కొనలో అది 1200 దాకా పెరుగుతుంది. అందులో దాదాపు సగం యూరియా, మిగతాది చాలావరకు ఉప్పు.

మూత్రం దిగే సేకరణ నాళం పైభాగం గోడ యూరియాను దాటనివ్వదు. దాహం వేసినప్పుడు వచ్చే ఏడీహెచ్ హార్మోను అక్కడ నీటికి మాత్రమే దారి తీస్తుంది. నీరు పోయేకొద్దీ లోపల యూరియా చిక్కబడుతుంది. అడుగుకు చేరాక అదే హార్మోను యూరియాకూ తలుపు తెరుస్తుంది. అది చుట్టూ ఉన్న కణజాలంలోకి దిగి, కొంత హెన్లీ లూపులో దూరి, మళ్లీ అదే నాళానికి వస్తుంది. పాలేరులా తిరుగుతూనే ఉంటుందన్నమాట! లోపల యూరియా ఎంత ఉంటే అంత, బయట కూడా ఉండటంతో దాన్ని విసర్జించడానికి అదనంగా నీరు ఖర్చు కాదు.

వారాల తరబడి గంజి మీదే గడిపిన మనిషిలో యూరియా తగ్గిపోతుంది. కిడ్నీలు బాగున్నా, నీళ్లు మానినా మూత్రం మునుపటంత చిక్కబడదు. మాంసకృత్తులున్న తిండి మళ్లీ పెడితే ఆ శక్తి తిరిగొస్తుంది.