రాయి అరిగితే ఎంత స్పీడు పెంచాలి?

కొత్త రాయి ఎక్కించిన రోజుల్లో షాఫ్టులు నున్నగా వచ్చేవి. ఇప్పుడూ అదే గ్రైండింగ్ మెషీన్, అదే రాయి, అదే ఫీడు. కానీ షాఫ్టు మీద గరుకు కనిపిస్తోంది. రాయి మూలలు తొందరగా గుండ్రబడిపోతున్నాయి, డైమండ్‌తో డ్రెస్సింగ్ మాటిమాటికీ చేయాల్సి వస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది రాయి నాణ్యతనే అనుమానిస్తారు. అంతకంటే ముందు స్కేలు పెట్టి రాయి వ్యాసం కొలవాలి.

లోహాన్ని కోసేది రాయి అంచు. కాబట్టి స్పిండిల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ అంచు సెకనుకు ఎన్ని మీటర్లు పరుగెడుతోందో తెలియాలి. ఒక చుట్టుకి అంచు మీది రేణువు రాయి చుట్టుకొలత అంత దూరం పోతుంది. దాన్ని చుట్ల సంఖ్యతో గుణించి, నిమిషాన్ని సెకన్లలోకి, మిల్లీమీటర్లను మీటర్లలోకి మారిస్తే లెక్క ఇలా తేలుతుంది:

v = π × D × N ÷ 60000

ఇందులో D మిల్లీమీటర్లలో వ్యాసం, N ఆర్.పి.ఎం., v సెకనుకు మీటర్లలో అంచు వేగం.

సిలిండ్రికల్ గ్రైండర్ మీద 400 మి.మీ. రాయి 1,575 ఆర్.పి.ఎం.తో తిరుగుతోందనుకుందాం. అంచు వేగం సెకనుకు 33 మీటర్లు, అంటే గంటకు దాదాపు 119 కిలోమీటర్లు. మామూలు విట్రిఫైడ్ రాళ్లను సాధారణంగా నడిపేది ఈ దరిదాపుల్లోనే. అదే రాయి అరిగి 300 మి.మీ.కు వచ్చిందనుకోండి. స్పిండిల్ 1,575 దగ్గరే ఉన్నా, అంచు వేగం 24.7 మీటర్లకు పడిపోతుంది. మీటరు మీద అంకె మారదు కాబట్టి ఈ నష్టం ఎవరి కంటికీ కనబడదు.

వేగం తగ్గితే గరుకు ఎందుకొస్తుంది? అదే ఫీడులో తీయాల్సిన లోహం అంతే ఉంటుంది. దాన్ని తీసే రేణువులు మాత్రం సెకనుకు తక్కువగా వచ్చి తగులుతాయి. ఒక్కో రేణువు ఇంకాస్త మందపు పొట్టును లాగాలి. ఆ బలానికి రేణువులు మొద్దుబారకముందే ఊడిపోతాయి. రాయి గ్రేడు మారకపోయినా మెత్తటి రాయిలా ప్రవర్తిస్తుంది. వేగం మరీ ఎక్కువైతే దీనికి తిరగబడుతుంది: రేణువులు ఊడకుండా మొద్దుబారి రాయి మెరుపెక్కుతుంది, షాఫ్టు మీద కాలిన మచ్చలు పడతాయి.

పాత వేగం మళ్లీ కావాలంటే ఎన్ని ఆర్.పి.ఎం. ఉండాలో తెలుసుకోవడానికి ఒక దగ్గరి దారి ఉంది. కావలసిన వేగాన్ని 19,100తో గుణించి వ్యాసంతో భాగించాలి. 33 మీటర్లకు, 300 మి.మీ. రాయికి 2,101 వస్తుంది. వ్యాసం నాలుగింట మూడు వంతులైంది కాబట్టి చుట్లు మూడింట నాలుగు రెట్లు కావాలి. పాత మెషీన్లలో దీనికోసం బెల్టును వేరే పుల్లీకి మారుస్తారు. ఇన్వర్టర్ డ్రైవ్ ఉంటే నాబ్ తిప్పితే సరిపోతుంది. మెషీన్ స్పిండిల్‌కు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ వేగాన్నీ, రాయి తయారీదారు సూచననీ దాటకూడదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. అరిగిన రాయి తీసేసి కొత్త 400 మి.మీ. రాయి బిగించారు, స్పీడు మాత్రం 2,100 దగ్గరే వదిలేశారు. అంచు వేగం ఒక్కసారిగా 44 మీటర్లు! తిరిగే రాయిని చీల్చాలని చూసే ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, 33 దగ్గర ఉన్నదానికి ఇది దాదాపు 1.8 రెట్లు. ఆ ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువగా ఉండేది రాయి మధ్య రంధ్రం అంచున. అక్కడ రవాణాలో పడిన వెంట్రుకవాసి పగులు ఉన్నా రాయి ముక్కలై ఎగిరిపోవచ్చు. అందుకే రాయి మార్చే పనిలో మొదటి అడుగు స్పీడు తగ్గించడమే కావాలి. తర్వాత రాయిని వేలికి తగిలించి చెక్క పిడితో మెల్లగా కొట్టి చూడాలి. గణగణమంటే సరే, బొద్దుగా మోగితే పక్కన పడేయాలి. బిగించాక గార్డు మూసి, ఎవరూ ఎదురుగా నిలబడకుండా కాసేపు ఖాళీగా తిప్పాలి.

బల్ల మీది మామూలు గ్రైండర్‌కు ఈ సర్దుబాటు లేదు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు పోళ్ల మోటారు 2,850 దగ్గరే తిరుగుతుంది. 200 మి.మీ. రాయితో 30 మీటర్లు ఇచ్చేది, 150కి అరిగాక 22 ఇస్తుంది. అక్కడ చేయగలిగింది రాయి మార్చడమే.

చేతి గ్రైండర్ల దగ్గర ఇదే లెక్క మరింత కఠినం. 11,000 ఆర్.పి.ఎం. ఉన్న నాలుగంగుళాల గ్రైండర్‌కు, గార్డు పీకేసి ఏడంగుళాల డిస్కు బిగించేవాళ్లు ఉన్నారు. 100 మి.మీ. డిస్కుకు 58 మీటర్లుండే వేగం, 180 మి.మీ. డిస్కుకు 104 మీటర్లవుతుంది. సెకనుకు 80 మీటర్లకు తయారైన ఆ డిస్కు మీద అచ్చు వేసి ఉండే గరిష్ఠ వేగం దాదాపు 8,500 ఆర్.పి.ఎం. మాత్రమే.