పీఈ 4 ఉన్న షేరు చవకేనా?

2022 మే మొదట్లో టాటా స్టీల్ షేరు ధర 1,300 రూపాయల దరిదాపుల్లో ఉంది. అప్పుడే వెలువడిన ఫలితాల ప్రకారం, 2021-22లో కంపెనీ ఒక్కో షేరుకు సంపాదించిన లాభం సుమారు 332 రూపాయలు. ధరను లాభంతో భాగిస్తే నాలుగు కంటే కొంచెం తక్కువ వస్తుంది. ఈ భాగహారం పేరే పీఈ నిష్పత్తి (షేరు ధర, ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లు ఉందో చెప్పే లెక్క).

నాలుగు అంటే ఏమిటి? లాభం ఇలాగే వస్తే, మనం పెట్టిన డబ్బంత లాభాన్ని కంపెనీ నాలుగేళ్లలో సంపాదిస్తుందని. అదే రోజుల్లో సబ్బులు, టూత్‌పేస్టులు అమ్మే కొన్ని పెద్ద కంపెనీల పీఈ యాభై దాటి ఉండేది. పక్కపక్కన పెట్టి చూస్తే ఉక్కు షేరు కారుచవక అనిపిస్తుంది.

అసలు కిటుకంతా ‘లాభం ఇలాగే వస్తే’ అన్న మాటలో ఉంది. ధర రేపటిని చూస్తుంది. లాభం మాత్రం నిన్నటిది. యాప్‌లలో మామూలుగా కనిపించే పీఈలో ఉండేది గడిచిన నాలుగు త్రైమాసికాల లాభమే. కాబట్టి పీఈ నాలుగు ఉంటే, ఈ లాభం నిలవదని మార్కెట్ అనుకుంటోందని మొదట అనుమానించాలి.

ఉక్కులో లాభం ఎందుకు నిలవదో చిన్న లెక్కతో చూద్దాం. టన్ను ఉక్కు తయారీకి 50 వేలు ఖర్చవుతుంది, 60 వేలకు అమ్ముడుపోతుంది అనుకోండి. లాభం 10 వేలు. ధర 70 వేలకు పెరిగితే లాభం 20 వేలు, అంటే రెట్టింపు. ధర పెరిగింది ఆరో వంతే. అదే ధర 50 వేలకు దిగితే లాభం సున్నా. కొలిమి మండుతూనే ఉండాలి, జీతాలు, వడ్డీలు కట్టాల్సిందే. అందుకే ఉక్కు ధరలో చిన్న కదలిక కూడా లాభంలో పెద్ద ఊపు అవుతుంది. ఇలాంటి వ్యాపారాలను చక్రీయ వ్యాపారాలు (ధరలతో పాటు లాభాలు పెరుగుతూ తగ్గుతూ ఉండేవి) అంటారు.

కోవిడ్ తరువాత ఉక్కు ధరలు బాగా పెరిగాయి. టాటా స్టీల్ లాభం 2020-21లో సుమారు 8,190 కోట్లు. మరుసటి ఏడు 41,749 కోట్లకు ఎగబాకింది. ఉక్రెయిన్ యుద్ధంతో కోకింగ్ బొగ్గు ఖరీదైంది. 2022 మేలో కేంద్రం ఉక్కు ఎగుమతులపై 15 శాతం సుంకం వేసి, నవంబరులో తీసేసింది. ఐరోపాలో గిరాకీ తగ్గింది. 2022-23 లాభం 8,075 కోట్లకు పడిపోయింది.

ఈలోగా ఒక్కో షేరును పదిగా విభజించారు. ఆ లెక్కన పాత 1,300 ఇప్పుడు 130. 2023 మార్చి చివరికి ధర 104 చిల్లర. ధర ఐదో వంతు తగ్గింది, పీఈ మాత్రం 14 దాటింది. షేరు దిగింది, పీఈ పెరిగింది! 2023-24లో కంపెనీకి 4,910 కోట్ల నష్టం వచ్చింది. లాభమే లేకపోతే పీఈకి అర్థం లేదు, చాలా యాప్‌లలో ఆ చోట గీత మాత్రమే కనిపిస్తుంది. అయినా 2024 మార్చి చివరికి ధర 155 దాటింది. చవకగా కనిపించినప్పుడు కొన్నవాళ్లు ఏడాది తిరక్కుండానే నష్టం చూశారు. పీఈ బదులు గీత కనిపించే రోజుల్లో ధర పైకి పోయింది.

మామిడి తోట కొనేవాడు విరగకాసిన ఏడాది రాబడి చూసి బేరం ఆడడు. కాపు లేని ఏడు సంగతి కూడా అడుగుతాడు. ఇక్కడా అదే చేయాలి. ఉక్కు, సిమెంటు, చక్కెర కంపెనీ అయితే కనీసం ఏడెనిమిదేళ్ల లాభాలు వరసగా రాసుకోండి. 2022 మేలో కంపెనీ మొత్తం షేర్ల విలువ సుమారు 1.6 లక్షల కోట్లు. దాన్ని 2020-21 లాభంతో భాగించి ఉంటే నాలుగు బదులు 20కి దగ్గరగా వచ్చేది. ఒకే షేరు, ఒకే ధర. ఏ ఏడాది లాభం పెట్టామన్నదే తేడా. పోల్చేటప్పుడు కూడా ఉక్కును ఉక్కుతోనే పోల్చాలి, సబ్బుతో కాదు.

ఫలితాల పట్టికలో ‘ఎక్సెప్షనల్ ఐటమ్స్’ (మామూలు వ్యాపారానికి సంబంధం లేని, ఒక్కసారి వచ్చే ఖర్చులు లేదా ఆదాయాలు) అనే వరుస కూడా చూడండి. 2023-24 నష్టానికి ప్రధాన కారణం అక్కడే ఉంది. బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ బ్లాస్ట్ ఫర్నేసుల మూసివేతకు, అక్కడి పునర్వ్యవస్థీకరణకు సంబంధించిన భారం అది. ఆ వరుస తీసేసి చూస్తే, పన్నుకు ముందు కంపెనీ లాభంలోనే ఉంది. ఇదే వరుసలో స్థలం అమ్మగా వచ్చిన డబ్బు ఉంటే, కథ తిరగబడుతుంది: లాభం ఒక్క ఏడు ఉబ్బుతుంది, పీఈ చవకగా కనిపిస్తుంది, మళ్లీ అమ్మడానికి ఆ స్థలం ఉండదు.