ఎంత అమ్మారో సరే, ఎందుకు కొన్నారో చెప్పగలరా?

పెయింట్ల కంపెనీలో అయిదేళ్లుగా పనిచేస్తున్న ఒక సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ను ఊహించుకుందాం. వరంగల్, హనుమకొండల్లో నలభై దాకా షాపులు చూస్తాడు. ప్రమోషన్ అడగడం లేదు, ఇప్పుడున్న స్థాయిలోనే మార్కెటింగ్‌లోకి మారాలని అతని కోరిక. రెజ్యూమె తెరవగానే ‘వరసగా మూడేళ్లు టార్గెట్‌లో 108 శాతం సాధించాను’ అన్న వాక్యం కనిపిస్తుంది. సేల్స్ మేనేజర్‌కు ఆ ఒక్క మాట చాలు. మార్కెటింగ్ మేనేజర్‌కు మాత్రం చాలదు. ఆ పైనున్న ఎనిమిది శాతం డీలర్ స్కీమ్ వల్ల వచ్చిందా, పోటీ కంపెనీ సరుకు అందకపోవడం వల్ల వచ్చిందా, నెలాఖరున షాపుల గోడౌన్లలోకి నెట్టిన స్టాకా అన్నది ఆ అంకె చెప్పదు. ఆయనకు కావలసింది వేరే: ఆ రంగు కొన్నదెవరు, ఎందుకు కొన్నారు, అందులో మీ ప్రయత్నం వల్ల జరిగినది ఎంత?

ఈ ప్రశ్నలకు జవాబులు సేల్స్ మనిషి దగ్గర ఉంటాయి. కాకపోతే కాగితం మీద పెట్టడు. మార్కెటింగ్‌లో అతనికి అన్నిటికంటే దగ్గరి తలుపు ట్రేడ్ మార్కెటింగ్, అంటే షాపుల్లో, పెయింటర్ల మధ్య బ్రాండ్‌ను నిలబెట్టే పని. ఆ తర్వాతది ప్రాంతీయ ప్రచారాలు నడిపే ఫీల్డ్ మార్కెటింగ్. టీవీ ప్రకటనలు, డిజిటల్ ప్రచారాలు చూసే ఉద్యోగాలకు ఈ అనుభవంతో నేరుగా దూకడం కష్టం. అందుకే ముందు ఏ తలుపు తట్టాలో తేల్చుకుని, దానికి తగ్గట్టుగానే రెజ్యూమె రాయాలి.

ఇక మన ఉదాహరణ. అతని ఏరియాలో బయటి గోడలకు వేసే వాటర్‌ప్రూఫ్ పెయింట్ కదలడం లేదు. కారణం ఏమిటని డీలర్లను అడిగితే అందరిదీ ఒకటే మాట: ‘రేటు ఎక్కువ సార్, స్కీమ్ ఇప్పించండి.’ చాలామంది దీన్నే కస్టమర్ ఇన్‌సైట్ అని రాసుకుంటారు. అది డీలర్ మాట, ఇంటి యజమాని మాట కాదు. డీలర్‌కు తన మార్జిన్ ముఖ్యం కాబట్టి ప్రతి సమస్యా అతనికి రేటుగానే కనిపిస్తుంది. మన మనిషి అక్కడితో ఆగకుండా, పెయింటింగ్ పని నడుస్తున్న ఇళ్లకు వెళ్లాడు. పదిహేను ఇళ్లలో యజమానులతో, మేస్త్రీలతో విడివిడిగా మాట్లాడాడు. ‘మా రంగు ఎందుకు కొనలేదు’ అని అడగలేదు. ‘పోయినసారి రంగులేయించాక ఏమైందమ్మా?’ అని అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

పదిహేనింట తొమ్మిది ఇళ్లలో రేటు ఊసే రాలేదు. వాళ్ల భయం వేరు: ‘మళ్లీ వానకు పెచ్చులూడితే ఎవరొచ్చి చూస్తారు?’ డబ్బా మీద వారంటీ ఉందని వాళ్లకు తెలియదు. మేస్త్రీకి తెలిసినా చెప్పడు, ఎందుకంటే రేపు గోడ పాడైతే తన మెడకు చుట్టుకుంటుంది. పైగా తడి ఆరని గోడ మీద రంగు వేయడం వల్లే చాలా పెచ్చులు ఊడతాయన్న సంగతి ఆ మేస్త్రీకి బాగా తెలుసు. కొనేవాళ్లకు వారంటీ తెలియదు, చెప్పగలిగినవాడికి చెప్పే ధైర్యం లేదు. అసలు ఇన్‌సైట్ ఇది. దీనికి స్కీమ్ మందు కాదు.

తర్వాతది ప్రచారం. అతను రీజినల్ మార్కెటింగ్ టీమ్‌కు చిన్న ప్రతిపాదన పంపాడు. ఒక పేజీ తెలుగు కరపత్రం. గోడలో నెమ్ము ఉందో లేదో ఎలా చూడాలి, ఎన్నాళ్లు ఆరనివ్వాలి, వారంటీ దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు. కింద పని చేసిన తేదీ, మేస్త్రీ పేరు రాసుకోవడానికి ఖాళీ. వారంటీ మాటలు సొంతంగా రాయకుండా కంపెనీ ఆమోదం తీసుకున్నాడు. పన్నెండు షాపుల పరిధిలో పెయింటర్ల మీటింగులు పెట్టించాడు. దాదాపు అంతే వ్యాపారం ఉన్న మరో పన్నెండు షాపులను ఏమీ చేయకుండా వదిలేశాడు.

ఇలా వదిలేయడం దగ్గరే సేల్స్ బుర్ర అడ్డుపడుతుంది. అమ్ముడయ్యే చోట అమ్మకుండా ఎలా ఉంటాం అనిపిస్తుంది. కానీ పోల్చడానికి ఆ షాపులే లేకపోతే లెక్క తప్పుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రచారం పెట్టిన షాపుల్లో నెలకు సగటున 60 లీటర్లు అమ్మితే, ఏప్రిల్, మే నెలల్లో 84 అయ్యాయనుకుందాం. చూడగానే 40 శాతం పెరుగుదల. కానీ వానల ముందు ఈ రంగు ఎక్కడైనా పెరుగుతుంది. ఏమీ చేయని షాపుల్లోనూ 58 నుంచి 67 అయింది. అంటే సీజన్ వల్ల పెరిగినవి తొమ్మిది లీటర్లు. ప్రచారం వల్ల పెరిగిందని చెప్పుకోదగ్గది 24లోంచి ఆ తొమ్మిది తీసేయగా మిగిలిన 15 లీటర్లే. ఈ లెక్క కంపెనీ షాపులకు వేసిన బిల్లుల నుంచి తీయకూడదు. షాపు నుంచి కస్టమర్‌కు వెళ్లిన సరుకు నుంచే తీయాలి. లేకపోతే గోడౌన్‌లో పడి ఉన్న డబ్బాలూ విజయంగా కనిపిస్తాయి.

ఇప్పుడు రెజ్యూమె మొదటి వాక్యం ఇలా మారుతుంది: ‘పదిహేను ఇళ్లలో యజమానులతో, మేస్త్రీలతో మాట్లాడి, అడ్డంకి రేటు కాదు, వారంటీపై అవగాహన లేకపోవడమని గుర్తించాను. రీజినల్ మార్కెటింగ్ టీమ్‌తో కలిసి పన్నెండు షాపుల్లో కరపత్రం, పెయింటర్ మీటింగులు నిర్వహించాను. ప్రచారం లేని షాపులతో పోలిస్తే షాపుకు నెలకు 15 లీటర్లు అదనంగా అమ్ముడయ్యాయి.’ 40 శాతం అని రాస్తే చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇంటర్వ్యూలో ‘సీజన్ సంగతేంటి?’ అన్న ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది. 15 నిలబడుతుంది. ‘టీమ్‌తో కలిసి’ అన్న మాట కూడా తీసేయకూడదు. డిజైన్ ఎవరిది, బడ్జెట్ ఎవరు ఇచ్చారు అని అడుగుతారు. తనది కాని పనిని తనదిగా చెప్పుకున్నవాడు అక్కడే దొరికిపోతాడు.

టార్గెట్ల చరిత్రను పూర్తిగా తుడిచేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. దాన్ని రెండు వాక్యాలకు కుదించి కిందికి దించితే చాలు, షాపుల్లో మాట చెల్లుబాటయ్యే మనిషని అదే చెబుతుంది. లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌లో మాత్రం చేయని ఉద్యోగం పేరు పెట్టుకోకూడదు. ‘పెయింట్ల సేల్స్ | ట్రేడ్ ప్రచారాలు, వినియోగదారుల పరిశీలన’ అంటే అబద్ధం ఉండదు, వెళ్లాలనుకుంటున్న దారీ తెలుస్తుంది. ఈ ప్రచారం మీదే ఒక పేజీ నోట్ రాసి పెట్టుకుంటే ఇంటర్వ్యూలో టేబుల్ మీద పెట్టొచ్చు. అందులో పనిచేయనిది కూడా ఉండాలి. మీటింగ్‌కు వచ్చిన మేస్త్రీల్లో ఎందరు కరపత్రం నింపలేదు, ఎందుకు నింపలేదు అన్నది మార్కెటింగ్ మేనేజర్ ఆసక్తిగా చదివే భాగం. బయటి కంపెనీకి చూపేటప్పుడు డీలర్ల పేర్లు, రేట్లు, మార్జిన్లు తీసేయాలి. అవి పాత కంపెనీ రహస్యాలు, పైగా వాటిని చూపినవాడు రేపు తమవీ చూపిస్తాడని కొత్త కంపెనీ అనుకుంటుంది.

మొదటి ప్రయత్నం ఉన్న కంపెనీలోనే చేయడం మేలు. ఆ కరపత్రం ఎవరు తెచ్చారో అక్కడి మార్కెటింగ్ టీమ్‌కు ముందే తెలుసు. జీతం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. సేల్స్‌లో చేతికొచ్చే దాంట్లో ఇన్సెంటివ్ వాటా ఉంటుంది, మార్కెటింగ్‌కు మారితే అది పోవచ్చు లేదా బాగా తగ్గొచ్చు. బేసిక్ అంతే ఉన్నా నెల తిరిగేసరికి ఇంట్లో తేడా తెలుస్తుంది. గత ఏడాది నిజంగా అందిన ఇన్సెంటివ్ మొత్తాన్ని పన్నెండుతో భాగించి, అందులో ఎంత స్థిర జీతంలో కలుపుతారో ఆఫర్ లెటర్ రాకముందే హెచ్‌ఆర్‌ను అడగాలి.