మిక్సింగ్ ఫోటో: ఫ్రేముకి ఒక ఫైలు, ఫోనుకి ఇంకొకటి

ఇంట్లో పెళ్లి అయింది. అందరూ నిలబడి తీయించుకున్న గ్రూప్ ఫోటోలో, కొన్నేళ్ల కిందట కాలం చేసిన నాన్నగారు ఉండరు. ఆయన పాస్‌పోర్టు సైజు ఫోటో వెతికి పట్టుకెళ్లి, వెనక వరసలో అమ్మ పక్కన కనిపించేలా చేయమని స్టూడియోలో ఇస్తారు. మన ఊళ్లలో ఇది ఎప్పట్నుంచో ఉన్న పని. స్టూడియోవాళ్లు దీన్ని మిక్సింగ్ అంటారు. ఇప్పుడు కాస్త ఫోటోషాప్ తెలిసిన పిల్లలు ఇంట్లోనే చేసేస్తున్నారు. అతికించడం బాగానే వస్తుంది. తేడా వచ్చేది చివర్లో, ఫైలు సేవ్ చేసే చోట. గోడకు పెట్టాల్సిన ఫోటోకీ, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాల్సిన ఫోటోకీ ఒకే ఫైలు వాడేస్తారు.

ముందు గోడ ఫోటో సంగతి చూద్దాం. 18×12 అంగుళాల ఫ్రేమ్ అనుకోండి. దగ్గరికొచ్చి ముఖాలు చూసే ఫోటో కాబట్టి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే అచ్చు నిండుగా వస్తుంది. అంటే 5400×3600. పెళ్లి ఫోటో 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిందైతే దాంట్లో 6000×4000 ఉంటాయి కాబట్టి బెంగ లేదు. బెంగంతా నాన్నగారి ఫోటోతోనే. మిక్సింగ్ ఫోటోలో మొత్తం పిక్సెళ్లు ఎన్నున్నాయన్నది సగం లెక్కే. అతికించిన ముక్కలో ఎన్నున్నాయో అదే అసలు లెక్క.

ఈ గ్రూప్ ఫోటో అచ్చులో ఒక్కో ముఖం గడ్డం నుంచి నడినెత్తి దాకా అంగుళంపావు ఉంటుందనుకుందాం. అంటే ఒక్కో ముఖానికి 375 పిక్సెళ్లు. పాస్‌పోర్టు ఫోటోలో కూడా ముఖం ఎత్తు దాదాపు అంతే, 32 మిల్లీమీటర్లు. దాన్ని స్కానర్‌లో 300 దగ్గర స్కాన్ చేస్తే సరిగ్గా సరిపోతుంది గానీ, కొంచెం తిప్పడానికీ సరిచేయడానికీ వెసులుబాటు ఉండదు. 600 దగ్గర స్కాన్ చేస్తే 750 వస్తాయి. వాటిని సగానికి తగ్గించి అతికిస్తే ముఖం గట్టిగా నిలుస్తుంది. అంతకన్నా పెంచితే ఒరిగేది తక్కువ, పాత ఫోటో కాగితంలో అంతకు మించిన వివరం ఉండటం అరుదు.

స్కాన్ లేదు, ఎవరో ఫోనుతో తీసి పంపిన కాపీయే ఉంది, అందులో ముఖం 180 పిక్సెళ్లే అనుకోండి. దాన్ని 375కి సాగదీస్తే కనుబొమల వెంట్రుకలు కలిసిపోతాయి, చర్మం మైనం పూసినట్టుంటుంది, చుట్టూ ఉన్న పదిమంది ముఖాలు మాత్రం స్పష్టంగా ఉంటాయి. ఆ తేడా వల్లే చూసినవాళ్లకు అతికించిన సంగతి వెంటనే తెలిసిపోతుంది. అలాంటప్పుడు ఫ్రేమ్ సైజు తగ్గించడమే నయం. 12×8లో వేస్తే ఆ ముఖానికి 250 పిక్సెళ్లు చాలు, సాగదీత సగానికి పైగా తగ్గుతుంది. పెద్ద ఫోటోలో నాన్నగారు మసకగా కనిపించడం కన్నా చిన్న ఫోటోలో అందరితో సమానంగా కనిపించడం మంచిదని నా అభిప్రాయం.

చాలామంది చేసే పని ఒకటుంది. Image Size పెట్టెలో 72 ఉన్నచోట 300 అని కొట్టి, క్వాలిటీ పెరిగిందనుకుంటారు. Resample టిక్కు తీసేసి మారిస్తే ఒక్క పిక్సెల్ కూడా మారదు, అచ్చు ఎన్ని అంగుళాలు రావాలో మాత్రమే మారుతుంది. టిక్కు ఉంచి మారిస్తే ఫోటోషాప్ లేని పిక్సెళ్లను ఊహించి నింపుతుంది. రెండింట్లో ఏదీ నాన్నగారి కనుబొమలను తిరిగి తీసుకురాదు.

ఇక ఫైలు రకం. పని జరుగుతున్నంత కాలం లేయర్లతో సహా పీఎస్‌డీగానే ఉంచాలి. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా కోసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. రంగుల విషయంలో అయితే చాలాసార్లు ఇంకా ఎక్కువ వదిలేస్తుంది. మామూలు ఫోటోలో ఇది తెలియదు. మిక్సింగ్‌లో మాత్రం నాన్నగారి తెల్లజుట్టు వెనకనున్న ముదురు తెరను తాకే అంచు దగ్గర చూడండి. జేపెగ్‌ని రెండు మూడుసార్లు తెరిచి తిరిగి సేవ్ చేసి ఉంటే, జుట్టు చుట్టూ దోమల్లా సన్నని మచ్చలు ముసురుకుని ఉంటాయి. పక్కనున్నవారి ఎర్ర పట్టుచీర అంచు బట్ట దాటి పక్కకు పాకినట్టుంటుంది. అందుకే జేపెగ్ ఒక్కసారే చేయాలి, అదీ అన్నీ అయిపోయాక, పీఎస్‌డీ నుంచి.

ల్యాబ్‌కి ఏది పంపాలి? ఫోటో పేపర్ మీద వేసే ల్యాబ్‌లు చాలావరకు sRGB రంగుల్లో ఉన్న జేపెగ్‌నే అడుగుతాయి. నాణ్యత 12లో 11 లేదా 12 పెడితే చాలు, టిఫ్‌తో పోలిస్తే కంటికి తేడా తెలియదు. ప్రింట్ అనగానే సీఎంవైకేలోకి మార్చేవాళ్లున్నారు. అది ఆఫ్‌సెట్ ప్రెస్‌లో వేసే శుభలేఖలకూ పుస్తకాలకూ పనికొచ్చే పద్ధతి, అక్కడ కూడా ప్రెస్‌వాళ్లు చెప్పిన ప్రొఫైల్‌తోనే. ఫోటో ల్యాబ్‌కి అలా పంపితే పట్టుచీర ఎరుపు ముందే చచ్చిపోతుంది. అదే 5400×3600 ఫైలుని ఆరడుగుల వెడల్పు ఫ్లెక్సీగా వేయించినా సరిపోతుంది. అంగుళానికి 75 పిక్సెళ్లే పడతాయి గానీ, ఫ్లెక్సీని పది అడుగుల దూరం నుంచి చూస్తారు.

ఫోను కోసం చేసేది వేరే ఫైలు. ఇన్‌స్టాగ్రామ్‌లో 1080 పిక్సెళ్ల వెడల్పు పెట్టుకుంటే చాలు. అంతకన్నా పెద్దది ఇస్తే అదే తన పద్ధతిలో కుదిస్తుంది, ఆ కుదింపులో జుట్టు అంచులు ఎలా వస్తాయో మన చేతిలో ఉండదు. కాబట్టి మనమే Export As లోకి వెళ్లి 1080×720కి తగ్గించి, Convert to sRGB టిక్కు పెట్టి, జేపెగ్‌గా తీయాలి. షార్ప్ చేయాలనుకుంటే తగ్గించాకే, కొద్దిగా. ఇలా చేస్తే ఒక్కో ముఖం 75 పిక్సెళ్లకు వచ్చేస్తుంది, అతుకుల లోపాలు కనబడవు, ముఖాలూ సరిగా కనబడవు. అందుకే ఇంకొకటి, అమ్మానాన్నల చుట్టూ నిలువుగా కత్తిరించి 1080×1350లో తీయడం మంచిది. దానికి కూడా పీఎస్‌డీకే వెళ్లాలి. పీఎన్‌జీలో తీస్తే క్వాలిటీ నిలుస్తుందనుకుంటారు గానీ, ఫోటోని పోస్ట్ చేయగానే అక్కడ ఎలాగూ మళ్లీ కుదిస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ ఫోటోలు పాడయ్యేది ల్యాబ్‌కి వాట్సాప్‌లో పంపినప్పుడు. మామూలుగా ఫోటోగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 18 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 89. హెచ్‌డీ అని నొక్కినా కొంత కుదింపు తప్పదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఇంకా మంచిది. ఫైలు పేరు IMG-20240512-WA0003.jpg లాగా మధ్యలో WA ఉండి, సైజు కొన్ని వందల కేబీలే ఉంటే అది వాట్సాప్‌లో నలిగి వచ్చిందని అర్థం. దాన్ని అచ్చుకి ఇవ్వకండి.

పెద్ద ప్రింట్‌కి డబ్బు పెట్టేముందు, 5400×3600 ఫైలులో నాన్నగారి ముఖం ఉన్న చోట 1800×1200 ముక్కను సైజు మార్చకుండా కత్తిరించి, 6×4 ప్రింట్ ఒకటి వేయించండి. అది 18×12 ఫ్రేములో ఆ భాగం ఎలా వస్తుందో అచ్చంగా అలాగే ఉంటుంది. పగటి వెలుతురులో పట్టుకుని మూడు చూడాలి. జుట్టు అంచున తెల్లగీత ఉందా, ఆయన చర్మం మీది నునుపు పక్కవాళ్లతో కలుస్తోందా, ఆయన చొక్కా నీడలు మిగతావాళ్ల నీడలంత నల్లగా ఉన్నాయా. ముఖం మరీ నున్నగా ఉంటే ఆ ఒక్క లేయర్ మీద Add Noise ఒకటి రెండు శాతం వేసి, ఆ చిన్న ప్రింట్ మళ్లీ తీయించి చూడండి.