గడువు దాటిన బాండు

మా వీధి చివర ఉండే పెద్దాయన తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్లు. జీవితమంతా ఫైళ్లు సర్దిన మనిషి కదా, మూడు ఎఫ్‌డీ బాండ్లనూ ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన పెన్సిలుతో తేదీలు రాసుకున్నారు. అంత జాగ్రత్తా చేసి కూడా, భార్య పోయిన ఏడాది ఒక తేదీ చూసుకోలేదు. 2024 జూన్‌లో గడువు తీరిన బాండు పట్టుకుని 2025 జూన్‌లో బ్యాంకుకెళ్లారు. తోడు నేనూ వెళ్లాను.

కౌంటర్లో ఉన్నమ్మాయి ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా అయినట్టు లేదు. బాండు తిప్పి చూసి, ‘‘తాతగారూ, గడువు తీరాక ఏం చెయ్యాలో అప్పట్లో రాయించుకోలేదండీ’’ అంది. తిరిగి వెయ్యమనో, సేవింగ్స్ ఖాతాలో జమ చెయ్యమనో ఏ ఒక్కటీ లేదు. మిగతా రెండింటికీ ఆటో రెన్యువల్ ఉండటంతో అవి వాటంతటవే కొనసాగాయి. ఇది మాత్రం ఏడాదిపాటు అలాగే పడి ఉంది.

‘‘మరి వడ్డీ?’’ అన్నారాయన. అక్కడే ఆమె ఓపిగ్గా కాగితం మీద లెక్క వేసి చూపించింది. రిజర్వు బ్యాంకు 2021 జులైలో పెట్టిన నియమం ప్రకారం, గడువు తీరినా తీసుకోని డిపాజిట్‌కు సేవింగ్స్ వడ్డీ, బాండు మీద ఒప్పుకున్న వడ్డీ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. ఆయన సొమ్ము మూడు లక్షలు. సేవింగ్స్ రేటు 2.7 శాతం లెక్కన ఏడాదికి వచ్చింది 8,100. సకాలంలో 7 శాతానికి తిరిగి వేసి ఉంటే, మూణ్ణెల్లకోసారి వడ్డీ అసలులో కలుస్తూ దాదాపు 21,500 వచ్చేది. పదమూడు వేల పైచిలుకు పోయినట్టే. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు.

తర్వాత సంతకం దగ్గర ఆగింది. చెయ్యి వణకడంతో, ఎప్పుడో ఇచ్చిన నమూనా సంతకంతో ఇప్పటిది కలవలేదు. కొందరైతే ‘‘మళ్లీ పెట్టండి’’ అని పది కాగితాలు ఖరాబు చేయిస్తారు. ఈ అమ్మాయి గుర్తింపు కార్డు చూసి, అధికారి ఎదుట కొత్త నమూనా సంతకం తీసుకుని రికార్డు మార్పించింది. ఒక్కసారి చేసే ఆ పని, తర్వాత ఎన్నో తిరుగుళ్లు తప్పిస్తుంది.

అసలు చిక్కు ఆటో రెన్యువల్ అయిన బాండ్లలో బయటపడింది. రెండింటికీ నామినీ చనిపోయిన భార్యే. డిపాజిట్ రెన్యువల్ అయితే పాత నామినేషనూ దాంతోపాటే కొనసాగుతుంది, నామినీ బతికున్నారా అని కంప్యూటరు అడగదు. ఈయన తర్వాత పిల్లలు ఆ డబ్బు కోసం వారసత్వ కాగితాలు పట్టుకుని తిరగాల్సొచ్చేది. ‘‘కూతురి పేరు పెట్టనా తాతగారూ, కొడుకు పేరా?’’ అని ఆమె అడిగితే, ఆయన నావైపు చూశారు. నామినీ బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషే తప్ప, అంతమాత్రాన హక్కుదారు కాడని, పంపకం వీలునామా ప్రకారమో వారసత్వ చట్టం ప్రకారమో జరుగుతుందని ఆమె చెప్పాకే కూతురి పేరు రాయించారు.

గడువు తీరిన మూడు లక్షలూ కలిపి అయిదేళ్లకు వెయ్యమన్నారాయన. ‘‘మధ్యలో ఆస్పత్రి ఖర్చొస్తే మొత్తం విరగ్గొట్టాలి కదండీ’’ అందామె. ముందే తీస్తే డబ్బు ఉన్నన్నాళ్లకు వర్తించే రేటే ఇస్తారు, అందులోనూ చాలా బ్యాంకులు అర శాతమో ఒక శాతమో కోస్తాయి. అందుకని లక్ష చొప్పున మూడు బాండ్లు చేసి ఏడాదికి, రెండేళ్లకు, మూడేళ్లకు వేసింది. కావాల్సొస్తే ఒకటే విరుస్తారు, మిగతావి కదలవు.

పెద్దాయన ఇంటి దగ్గరే 15హెచ్ ఫారం నింపి తెచ్చారు, పాత అలవాటు. 2025 ఏప్రిల్ నుంచి సీనియర్ సిటిజన్లకు ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే టీడీఎస్ కోస్తారు. ఈయనకు మొత్తం మీద 63 వేలకు మించదు కనుక అక్కర్లేదంది. పన్ను కోయనంత మాత్రాన ఆదాయం లెక్కలో చూపించక్కర్లేదని కాదు, అదీ గుర్తు చేసింది.

నాకు నచ్చిందేమిటంటే, ఆమె బీమా పాలసీ ఊసెత్తలేదు. డిపాజిట్ కోసం వచ్చిన వృద్ధుల చేత ‘వడ్డీ ఎక్కువొస్తుంది’ అంటూ ఏటా కట్టే పాలసీల మీద సంతకాలు పెట్టించడం బ్యాంకుల్లో కొత్తేమీ కాదు. అలాంటి మాట వినిపిస్తే ఒకటే అడగండి: ‘‘ఇది ఎఫ్‌డీయేనా, బీమానా? కాగితం మీద రాసిస్తారా?’’

మీ ఇంట్లో పెద్దవాళ్ల బాండ్లుంటే ఈ వారంలోనే తీసి గడువు తేదీ, ఆటో రెన్యువల్ ఉందా లేదా, నామినీ పేరు చూడండి. పదేళ్లపాటు ఎవరూ అడగని డిపాజిట్ సొమ్మును బ్యాంకు రిజర్వు బ్యాంకు నిధికి పంపేస్తుంది. ఆ తర్వాత కూడా అడిగి తీసుకోవచ్చు. అలాంటి పాత ఖాతాల జాడ వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు ‘ఉద్గమ్’ పోర్టల్ ఉంది.